మెయిడెన్, గూగ్లీ, ఫాలో ఆన్: ఒక్క ఈడెన్ టెస్టులో మూడూ

ప్రశ్న: ఇన్నాళ్లూ టీ20లు మాత్రమే చూశాను. ఈ మధ్య ఇంట్లోవాళ్లతో కూర్చుని టెస్టులు చూడటం మొదలుపెట్టాను. కామెంటరీలో మెయిడెన్ ఓవర్, గూగ్లీ, ఫాలో ఆన్ అంటుంటారు. అర్థమైనట్టే ఉంటుంది గానీ అడిగితే చెప్పలేను. మెయిడెన్ అన్నారు, కానీ స్కోరు పెరిగింది, అదెలా? గూగ్లీని టీవీలో ఎలా గుర్తుపట్టాలి? ఫాలో ఆన్ ఇచ్చే అవకాశం ఉండి కూడా కొందరు కెప్టెన్లు ఎందుకు ఇవ్వరు? కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

ఈ మూడింటినీ విడివిడిగా నిర్వచనాల్లా చదివితే రెండు రోజుల్లో మర్చిపోతారు. మూడూ బాగా కనిపించిన మ్యాచ్ ఒకటుంది. 2001 మార్చి 11 నుంచి 15 దాకా కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, ఆస్ట్రేలియా ఆడిన టెస్టు. మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్ అంటే ఇంట్లో ఎవరైనా గుర్తుపడతారు. దాన్నే పట్టుకుని వెళ్దాం.

ముందు మెయిడెన్. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా మొదట బ్యాటింగ్ చేసి 445 చేసింది. తర్వాత మనవాళ్లు 171కే ఆలౌట్. ఆ ఇన్నింగ్స్‌లో గ్లెన్ మెక్‌గ్రాత్ బౌలింగ్ లెక్క స్కోరుకార్డులో ఇలా ఉంటుంది: 14-8-18-4. తెర మీద ఈ అంకెల పైన O, M, R, W అని కనిపిస్తుంది. వరసగా ఓవర్లు, మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు, తీసిన వికెట్లు. అంటే మెక్‌గ్రాత్ వేసిన 14 ఓవర్లలో 8 ఓవర్లు అతని ఖాతాలో ఒక్క పరుగు కూడా పడకుండా ముగిశాయి. ఆ 18 పరుగులూ మిగిలిన 6 ఓవర్లలో వచ్చినవే.

ఇక్కడ "అతని ఖాతాలో" అన్న మాటే అసలు కిటుకు. మెయిడెన్ అంటే స్కోరు కదలని ఓవర్ కాదు. బౌలర్ పేరున పరుగు రాయని పూర్తి ఓవర్. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో ఒక ఊహా ఓవర్‌తో చూద్దాం.

మొదటి బంతిని బ్యాటర్ అడ్డుకున్నాడు, పరుగు లేదు. రెండో బంతి ఆడబోతే ప్యాడ్‌కి తగిలి పక్కకు పోయింది, ఇద్దరూ ఒక పరుగు తీశారు. ఇది లెగ్ బై. మూడో బంతికి బ్యాటర్ క్లీన్ బౌల్డ్. నాలుగో బంతి బ్యాటుకీ ఒంటికీ తగలకుండా వెళ్లి, కీపర్ కూడా వదిలేయడంతో బౌండరీ దాటింది. నాలుగు బైలు. ఐదు, ఆరు బంతులకు ఏమీ లేదు. జట్టు స్కోరు ఐదు పెరిగింది. అయినా ఇది మెయిడెనే, అందులోనూ వికెట్ మెయిడెన్. బైలు, లెగ్ బైలు ఎక్స్‌ట్రాల కింద జట్టు ఖాతాలోకి వెళ్తాయి, బౌలర్‌కి అంటవు. ఈ ఓవర్ తర్వాత ఆ బౌలర్ లెక్క 1-1-0-1. మీరు చూసినప్పుడు స్కోరు పెరిగినా మెయిడెన్ అన్నారంటే జరిగింది ఇదే అయ్యుండాలి.

అదే ఓవర్‌లో నాలుగో బంతి వైడ్ అయి ఉంటే? వైడ్లు, నోబాల్స్ బౌలర్ తప్పు కిందే లెక్క. ఆ పరుగు అతని ఖాతాలోనే పడుతుంది, మెయిడెన్ పోతుంది. మిగతా బంతులన్నీ డాట్‌లే అయినా సరే. ఇంకో చిన్న విషయం: ఓవర్ పూర్తి కావాలి. ఐదు డాట్‌లు వేసేసరికి ఇన్నింగ్స్ ముగిసిపోతే దాన్ని మెయిడెన్‌గా రాయరు. ఇక మెయిడెన్ ఓవర్‌లో ఎవరైనా రనౌట్ అయితే మెయిడెన్ మెయిడెనే, కానీ W కింద అంకె మారదు, ఎందుకంటే రనౌట్ బౌలర్ తీసిన వికెట్ కాదు.

మీరు టీ20ల నుంచి వచ్చారు కాబట్టి మెయిడెన్ విలువ అక్కడికీ ఇక్కడికీ వేరని గుర్తుంచుకోండి. టీ20లో ఒక మెయిడెన్ అంటే ఇన్నింగ్స్‌లో ఇరవయ్యో వంతు ఉట్టినే పోయినట్టు. టెస్టులో రోజుకు 90 ఓవర్లు వేయాలని లెక్క, అక్కడ ఒక్క మెయిడెన్‌తో ఏమీ కాదు. రెండు వైపుల నుంచీ వరసగా పడితేనే బ్యాటర్‌కి ఊపిరాడదు, ఆడకూడని బంతికి చెయ్యి చాస్తాడు. మెక్‌గ్రాత్ పద్ధతి అదే: ఆఫ్ స్టంప్ పక్కన, ఆడాలో వదలాలో తేలని చోట, అదే పనిగా వేయడం.

అలాగని మెయిడెన్లు ఎక్కువ పడితే మ్యాచ్ చేతిలో ఉన్నట్టు కాదు. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండ్ మీద మన బాపూ నాద్‌కర్ణి వరసగా 21 మెయిడెన్లు వేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో అతని లెక్క 32-27-5-0. చివర ఉన్న సున్నా చూడండి. 32 ఓవర్లలో ఐదే పరుగులు, వికెట్ మాత్రం ఒక్కటీ లేదు. మ్యాచ్ డ్రా.

ఇప్పుడు గూగ్లీ. దీనికి ఆ ఈడెన్ టెస్టు చివరి సాయంత్రానికి వెళ్లాలి, కానీ ముందు లెగ్ స్పిన్ తెలియాలి. లెగ్ స్పిన్ తెలియకుండా గూగ్లీ అర్థం కాదు, ఎందుకంటే లెగ్ స్పిన్‌లా కనిపించి ఎదురు తిరిగే బంతే గూగ్లీ.

టీవీలో బంతి వేసేటప్పుడు కెమెరా మామూలుగా బౌలర్ వెనక ఉంటుంది. కుడిచేతి బ్యాటర్ ఆడుతున్నాడనుకోండి. తెర మీద ఎడమవైపు అతని ఆఫ్ సైడ్, కుడివైపు లెగ్ సైడ్. కుడిచేతి లెగ్ స్పిన్నర్ మామూలుగా వేసే బంతి పిచ్ మీద పడ్డాక తెర మీద ఎడమకు తిరుగుతుంది, అంటే బ్యాటర్ నుంచి దూరంగా పోతుంది. అదే బౌలర్, అదే పరుగు, అదే చేతి ఊపుతో వేసిన బంతి పడ్డాక కుడికి తిరిగి బ్యాటర్ మీదికి వస్తే అది గూగ్లీ. ఇంగ్లండ్‌కు ఆడిన బెర్నార్డ్ బోసాంకే 1900 ప్రాంతంలో దీన్ని వాడుకలోకి తెచ్చాడు, అందుకే ఆస్ట్రేలియాలో దీన్ని చాలాకాలం బోజీ అన్నారు.

అదే చేత్తో రెండు దిక్కులా ఎలా తిప్పుతారు? ఒక సీసాను, మూత మీవైపు ఉండేలా పడుకోబెట్టి పట్టుకున్నారనుకోండి. మూత తీసేటప్పుడు ఏ దిశలో తిప్పుతారో, బౌలర్ వెనక నుంచి చూస్తే లెగ్ బ్రేక్ బంతి ఆ దిశలో తిరుగుతూ వెళ్తుంది. మూత బిగించే దిశలో తిరిగితే గూగ్లీ. రెండింటికీ పట్టు ఒకటే: చూపుడు వేలు, మధ్య వేలు బంతి కుట్టు మీద అడ్డంగా, ఉంగరపు వేలు మడిచి కుట్టుకు ఆనించి. తిప్పే పనిలో ఎక్కువ భాగం ఆ ఉంగరపు వేలిదే, బొటనవేలు ఊరికే ఆసరా. మారేదల్లా మణికట్టు. గూగ్లీకి మణికట్టును ఇంకా లోపలికి మడుస్తాడు, దాంతో బంతి వదిలే క్షణానికి అరచేతి వెనక భాగం బ్యాటర్ వైపు తిరిగి ఉంటుంది. బంతి చేతి వెనక నుంచి, చిటికెన వేలి పక్కగా బయటికొస్తుంది. వేళ్లు చేసే పని అదే, చెయ్యి తిరిగి ఉండటం వల్ల బంతి తిరిగే దిశ తారుమారవుతుంది.

ఆఫ్ స్పిన్నర్ వేసే బంతి కూడా కుడిచేతి బ్యాటర్ మీదికే వస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, తిరిగే దిక్కు ఒకటే. కానీ ఆఫ్ స్పిన్నర్ వేళ్లతో తిప్పుతాడు, అతని నుంచి బ్యాటర్ ఎదురుచూసేదే అది. అందులో మోసం లేదు, కాబట్టి అది గూగ్లీ కాదు. కుల్దీప్ యాదవ్ లాంటి ఎడమచేతి మణికట్టు స్పిన్నర్ దగ్గర అంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది: మామూలు బంతి కుడిచేతి బ్యాటర్ మీదికి వస్తుంది, గూగ్లీ దూరంగా పోతుంది. కుల్దీప్ బౌలింగ్‌లో తికమక పడేవాళ్లకు ఇది చెప్తే సగం సందేహాలు తీరిపోతాయి.

టీవీలో పట్టుకోవడానికి మొదట్లో బంతి కన్నా రీప్లే చూడండి. స్లో మోషన్‌లో బౌలర్‌ను ఎదురు నుంచి చూపించినప్పుడు, బంతి వదిలే క్షణంలో చేతి వెనక భాగం మీకు కనిపిస్తే గూగ్లీ. అది అలవాటయ్యాక గాలిలో బంతిని చూడండి. గూగ్లీ తరచూ కాస్త పైకి లేచినట్టు, కాస్త నెమ్మదిగా వస్తుంది, పడ్డాక కొంచెం ఎక్కువ ఎగురుతుంది. బాగా వేయలేని బౌలర్ల దగ్గర ఇంకో ఆనవాలు ఉంటుంది: మణికట్టు తిప్పడానికి అవస్థ పడి ముందు భుజాన్ని ముందుగానే వంచేస్తారు, లేదా బంతి పొట్టిగా పడి నడుము ఎత్తులో వచ్చి కూర్చుంటుంది. అలాంటి బంతిని బ్యాటర్ హాయిగా బౌండరీకి పంపుతాడు. గూగ్లీ మోజులో పడి అదే పనిగా వేసేవాళ్లకు మరో బాధ ఉంది. మణికట్టు ఆ వంపుకు అలవాటు పడిపోయి అసలు బంతి అయిన లెగ్ బ్రేక్ తిరగడం తగ్గిపోతుంది. లెగ్ బ్రేక్ తిరగకపోతే గూగ్లీకి ఎవరూ మోసపోరు. అందుకే మంచి బౌలర్లు దాన్ని దాచి దాచి వాడతారు.

ఇక ఆ సాయంత్రం. 2001 మార్చి 15, ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్. గెలవాలంటే 384 కావాలి, అది దాదాపు అసాధ్యం. కానీ రోజంతా నిలబడితే డ్రా. 166కి 3 వికెట్లతో బాగానే ఉంది. అక్కడి నుంచి ఎనిమిది పరుగులు చేసేలోగా ఐదు వికెట్లు పోయి 174కి 8 అయింది. మొదటి రెండూ హర్భజన్ తీస్తే, తర్వాతి మూడూ పార్ట్‌టైమ్ స్పిన్ వేస్తున్న సచిన్ టెండూల్కర్ తీశాడు: గిల్‌క్రిస్ట్, హేడెన్, షేన్ వార్న్. మూడూ ఎల్‌బీడబ్ల్యూలే. వార్న్‌కు పడింది గూగ్లీ. ప్రపంచంలోకెల్లా గొప్ప లెగ్ స్పిన్నర్ లెగ్ స్పిన్నర్ల ఆయుధానికే మోసపోయి సున్నాకు అవుటయ్యాడు. ఇందులో ఎంత రుచి ఉందో ఇప్పుడు మీకూ తెలుస్తుంది.

గూగ్లీకీ ఎల్‌బీడబ్ల్యూకీ చుట్టరికం ఎందుకంటే, లెగ్ స్టంప్ బయట పడిన బంతికి ఎల్‌బీడబ్ల్యూ ఇవ్వరు. లెగ్ బ్రేక్‌ను అక్కడ వేస్తే ప్యాడ్ అడ్డుపెట్టి బతికిపోవచ్చు. గూగ్లీ మామూలుగా ఆఫ్ స్టంప్ చుట్టుపక్కల పడి లోపలికి వస్తుంది. దూరంగా పోతుందనుకుని బ్యాటర్ ఆ లైన్‌లో బ్యాట్ పెడతాడు. బంతి లోపలికి తిరిగి, బ్యాటుకూ ప్యాడ్‌కూ మధ్య సందులోంచి వికెట్లకన్నా తగులుతుంది, లేదా వికెట్ల ఎదురుగా ఉన్న ప్యాడ్‌కన్నా తగులుతుంది. 1948లో ఓవల్‌లో బ్రాడ్‌మన్ తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో ఎరిక్ హోలీస్ గూగ్లీకే సున్నాకు బౌల్డ్ అయ్యాడు. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఫాలో ఆన్‌కి వద్దాం. టెస్టులో జట్టుకు రెండేసి ఇన్నింగ్స్. మామూలు వరస: అ, ఆ, అ, ఆ. మొదట ఆడిన జట్టుకు మొదటి ఇన్నింగ్స్‌లో బాగా ఆధిక్యం ఉంటే, రెండో జట్టును వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దించవచ్చు. అప్పుడు వరస అ, ఆ, ఆ, అ అవుతుంది. అదే ఫాలో ఆన్. ఐదు రోజుల మ్యాచ్‌లో ఆ ఆధిక్యం కనీసం 200 ఉండాలి. మూడు, నాలుగు రోజుల మ్యాచ్‌ల్లో, అంటే రంజీ లీగ్ మ్యాచ్‌ల లాంటివాటిలో, 150 చాలు. వన్డేల్లో, టీ20ల్లో చెరో ఇన్నింగ్సే కాబట్టి ఈ గొడవే లేదు.

లెక్క చేసేటప్పుడు చాలామంది ఒక్క పరుగు దగ్గర తప్పుతారు. ఆధిక్యం సరిగ్గా 200 ఉన్నా ఫాలో ఆన్ ఇవ్వొచ్చు. కాబట్టి ఎదుటివాళ్లు 445 చేస్తే 245 చేసినా తప్పించుకోలేరు, 246 కావాలి. ఈడెన్‌లో మనవాళ్లు 171కే ఆగారు, 75 తక్కువ. ఆధిక్యం 274. ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా ఫాలో ఆన్ ఇచ్చాడు.

తమాషా ఏంటంటే, 2024 డిసెంబరులో బ్రిస్బేన్‌లో కూడా ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో సరిగ్గా 445 చేసింది. మనకు మళ్లీ అదే 246 గీత. 213 దగ్గర తొమ్మిదో వికెట్ పడింది. బుమ్రా, ఆకాశ్ దీప్ కలిసి గీత దాటించారు, ఆకాశ్ దీప్ ఫోర్ కొట్టి 246 చేరగానే డ్రెస్సింగ్ రూమ్‌లో గెలిచినంత సంబరం. దాదాపు 200 పరుగులు వెనకబడి సంబరమేంటని కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. కానీ లెక్క పరుగులది కాదు, సమయానిది. ఫాలో ఆన్ తప్పింది కాబట్టి ఆస్ట్రేలియా మళ్లీ బ్యాటింగ్‌కు దిగి, కొంత కొట్టి, ఇక చాలని ఇన్నింగ్స్‌ను డిక్లేర్ చేసి, అప్పుడు మనల్ని ఆలౌట్ చేయాలి. వర్షాల మధ్య అంత సమయం మిగల్లేదు, డ్రా అయింది. ఆ మ్యాచ్‌లో మరో సూక్ష్మం ఉంది. మొదటి రోజు ఒక్క బంతీ పడకుండా పోతే ఐదు రోజుల మ్యాచ్‌లో కూడా కావాల్సిన ఆధిక్యం 150కి దిగుతుంది. బ్రిస్బేన్‌లో మొదటి రోజు వానొచ్చినా 13.2 ఓవర్లు పడ్డాయి, అందుకే 200 అలాగే ఉండిపోయింది.

ఫాలో ఆన్ దానంతట అది పడదు. అది ఆధిక్యంలో ఉన్న కెప్టెన్ ఇష్టం. ఇస్తున్నానని ఎదుటి కెప్టెన్‌కూ అంపైర్లకూ చెప్పాలి, చెప్పాక మార్చుకోవడం ఉండదు. ఇవ్వడానికి కారణం తేలిక: సమయం కలిసొస్తుంది, ఎదుటివాళ్లు ఇంకా తేరుకోలేదు. ఇవ్వకపోవడానికి కారణం ఏంటో ఈడెన్‌లో రెండో ఇన్నింగ్స్ ఓవర్లు లెక్కపెడితే కనబడుతుంది.

ఆస్ట్రేలియా బౌలర్లు మొదటి ఇన్నింగ్స్‌లో 58.1 ఓవర్లు వేశారు. ఇన్నింగ్స్‌ల మధ్య విరామం పది నిమిషాలే. వాళ్లే మళ్లీ బంతి పట్టుకున్నారు, ఈసారి 178 ఓవర్లు వేశారు. నాలుగో రోజంతా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ ఇవ్వకుండా 335 పరుగులు చేశారు. ఇద్దరి భాగస్వామ్యం 376. మొదటి ఇన్నింగ్స్‌లో 14-8-18-4 వేసిన మెక్‌గ్రాత్ లెక్క ఈసారి 39-12-103-3. వార్న్ లెక్క 34-3-152-1. M కింద ఉన్న ఆ 3 చూడండి, ఎంత సులువుగా ఆడారో అదే చెప్తుంది. ఆఖరికి కీపర్ గిల్‌క్రిస్ట్, కెప్టెన్ స్టీవ్ వా తప్ప మిగతా తొమ్మిది మందీ బౌలింగ్ చేయాల్సి వచ్చింది.

భారత్ 657కి 7 దగ్గర డిక్లేర్ చేసింది. 657కు 171 కలిపి, అందులోంచి 445 తీసేస్తే 383. కాబట్టి లక్ష్యం 384. ఇక్కడే రెండో నష్టం బయటపడుతుంది. ఫాలో ఆన్ ఇస్తే చివరి ఇన్నింగ్స్ తామే ఆడాల్సి రావచ్చు, అదీ ఐదో రోజు పగిలి, స్పిన్ తిరుగుతున్న పిచ్ మీద. హర్భజన్ ఆరు, సచిన్ మూడు, మన హైదరాబాద్ జట్టు వెంకటపతి రాజు ఒకటి తీస్తే ఆస్ట్రేలియా 212కి ఆలౌట్. 171 పరుగుల తేడాతో ఓటమి. అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచిన జట్టది.

ఫాలో ఆన్ ఆడి గెలవడం ఎంత అరుదంటే 2023 దాకా నాలుగుసార్లే జరిగింది: ఇంగ్లండ్ 1894లో సిడ్నీలోనూ 1981లో లీడ్స్‌లోనూ, భారత్ 2001లో, న్యూజిలాండ్ 2023లో వెల్లింగ్టన్‌లో ఒకే ఒక్క పరుగు తేడాతో. కాబట్టి స్టీవ్ వాది తెలివితక్కువ నిర్ణయం అనడం సరికాదని నా అభిప్రాయం. ఎదుటి జట్టు 60 ఓవర్ల లోపే ఆలౌటైంది, రెండు రోజులకు పైగా ఆట మిగిలి ఉంది. ఆ పరిస్థితిలో చాలామంది కెప్టెన్లు ఇచ్చేవాళ్లే. ఎదుటివాళ్లు 120, 130 ఓవర్లు ఆడి ఆలౌటై ఉంటే, లేదా ముందున్న ఫాస్ట్ బౌలర్లలో ఒకరికి గాయమై ఉంటే, నేనైతే ఇవ్వకపోవడమే మేలంటాను.

ఈసారి టెస్టు చూసేటప్పుడు రెండో జట్టు తడబడుతుంటే మొదటి జట్టు స్కోరులోంచి 199 తీసేసి ఆ అంకె పక్కన రాసి పెట్టుకోండి. తెర మీద జట్టు స్కోరు పక్కన f/o అని కనిపిస్తే ఆ జట్టు ఫాలో ఆన్ ఆడుతోందని అర్థం. అప్పుడు బోర్డు మీద పరుగుల కన్నా, బౌలర్ల పేర్ల ఎదురుగా O కింద అంకెలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూడండి.